ప్రశ్నలు చివర్లో అడగండి (చివర అనేది ఒకటుంటే)

ఓ చిన్న పరీక్షతో మొదలెడదాం. మీరు ఆఖరుసారి ఆఫీసులో కూర్చున్న ప్రెజెంటేషను గుర్తు తెచ్చుకోండి. రెండో స్లైడు మీద ఏముంది? నేను చెప్పేదా? పైన "అజెండా" అని ఉంటుంది. కింద వరసగా పరిచయం, నేపథ్యం, ప్రస్తుత పరిస్థితి, సవాళ్ళు, పరిష్కారాలు, ముందుకు దారి, ప్రశ్నోత్తరాలు. అవునా?

నేను మీ ఆఫీసుకి రాలేదు, మీ ప్రాజెక్టేంటో నాకు తెలీదు. అయినా చెప్పగలిగాను. చూడకుండా చెప్పగలిగిన స్లైడు వల్ల చూసినవాడికి ఏం తెలిసినట్టు? ఏమీ తెలీదు. ఆ అజెండాని తీసుకెళ్ళి పేరోల్ సాఫ్ట్‌వేరు మీటింగులో పెట్టండి, సరిపోతుంది. క్యాంటీన్లో ఇడ్లీ ఎందుకు గట్టిగా ఉంటోందన్న మీటింగులో పెట్టండి, అక్కడా సరిపోతుంది. ఎక్కడైనా సరిపోయేదాన్ని అజెండా అనరు, ఫారం అంటారు.

"పోనీలే, ఒక్క స్లైడే కదా, పది సెకన్లలో దాటిపోతుంది" అని మీరనొచ్చు. నేనూ అలాగే అనేవాణ్ణి. ఆ మాట వల్ల ఒకమ్మాయికి అన్యాయం జరిగింది. అందులో నా వాటా ఉంది కాబట్టి దీని గురించి కాస్త కోపంగానే రాస్తున్నాను. ఆ కోపంలో సగం నా మీదే.

జరిగింది చెబుతాను. రెండేళ్ళ క్రితం నేనున్న టీములో రాత్రి పూట నడిచే జాబు ఒకటుండేది. రాత్రి 11కి మొదలై, ఆ రోజు దుకాణాల్లో అమ్మిందంతా లెక్కగట్టి, పొద్దున్న 6కల్లా కొత్త స్టాకు లెక్కలు సిద్ధం చేయాలి. అంటే చేతిలో ఉన్నది 7 గంటలు. టీములో చేరి ఎనిమిది నెలలైన ఒకమ్మాయి, ఎవరూ చెప్పకుండానే, రోజూ ఆ జాబు ఎంతసేపు పడుతోందో రాసుకుంటూ వచ్చింది. జనవరిలో 4 గంటల 10 నిమిషాలు. జూన్‌లో 5 గంటల 40 నిమిషాలు. ఐదు నెలల్లో 90 నిమిషాలు పెరిగింది, నెలకి 18 చొప్పున. ఇంకా మిగిలింది 80 నిమిషాలే. నెలకి 18 చొప్పున తింటే నాలుగున్నర నెలల్లోపే అయిపోతుంది. అంటే అక్టోబరు. సరిగ్గా దసరా, దీపావళి అమ్మకాలు ఊపందుకునే నెల.

ఇంతకన్నా స్పష్టమైన విషయం ఉంటుందా? పరిష్కారం కూడా ఆ అమ్మాయే ఆలోచించింది. జాబుని రెండుగా విడగొట్టి పక్కపక్కన నడపాలి. దానికి ఇద్దరు మనుషులు మూడు వారాలు పనిచేయాలి, ఇంకో సర్వరు కావాలి. సర్వరుకీ మనుషులకీ డైరెక్టరు ఒప్పుకోవాలి. 45 నిమిషాల మీటింగు పెట్టించాం, డైరెక్టరుతో సహా పదకొండు మంది.

ముందురోజు సాయంత్రం తన స్లైడులు చూడమని నా దగ్గరకొచ్చింది. మొత్తం 24. మొదటి స్లైడు మీద అర పేజీ కంపెనీ గుర్తు, దాని కింద "నైట్లీ బ్యాచ్ ప్రాసెసింగ్: ఓవర్‌వ్యూ", కింద తన పేరు, తారీఖు. రెండో స్లైడు మీద నేను పైన చెప్పిన ఆ ఫారమే. అక్టోబరు సంగతి 19వ స్లైడులో ఉంది. నేను పెద్దమనిషి తరహాలో అన్నీ చూసి, అక్షర దోషాలు రెండు దిద్ది, ఒక గొప్ప సలహా ఇచ్చాను. "మధ్యలో ఆపితే కంగారు పడతావు. అజెండా చెప్పేటప్పుడే ప్రశ్నలు చివర్లో అడగమని చెప్పేయ్."

ఇక మర్నాడు. మీటింగు 4 గంటలకి. అందరూ వచ్చి, ప్రొజెక్టరు వెలిగి, అవతలి ఊరి వాళ్ళు లైన్లోకి వచ్చి మొదలయ్యేసరికి 4:06. అజెండా పది సెకన్లలో దాటింది. ప్రశ్నలు చివర్లో అని పాపం చెప్పింది కూడా. నాలుగో స్లైడులో జాబు నడిచే తీరు బొమ్మ వచ్చింది. ఒకడు చెయ్యెత్తి, ఆ ఫైళ్ళు ఒకదాని తర్వాత ఒకటే ఎందుకు చదవాలి అని అడిగాడు. ఇంకొకడు దానికి జవాబిచ్చాడు, మూడోవాడు ఆ జవాబు తప్పన్నాడు. అది 14 నిమిషాలు నడిచింది. ఆ మొదట చెయ్యెత్తిన మహానుభావుణ్ణి నేనే. చివర్లో అడగమని సలహా ఇచ్చినవాణ్ణే.

4:30కి డైరెక్టరు గడియారం చూసుకుని "ఇంకో కాల్ ఉంది, బాగుంది, స్లైడులు పంపండి" అని లేచి వెళ్ళిపోయాడు. అప్పటికి 11వ స్లైడు. తన నుంచి ఒక నిర్ణయం కావాలన్న సంగతే ఆయనకి తెలీదు. తెలిసే అవకాశం ఎక్కడుంది? ఓవర్‌వ్యూ అన్నాం, విన్నాడు, వెళ్ళాడు. 19వ స్లైడు 4:43కి వచ్చింది. అప్పటికి సగం మంది లాప్‌టాపులు మూసేస్తున్నారు.

అక్టోబరులో పండగ వారం మధ్యలో ఓ పొద్దున్న ఆ జాబు 7:20 దాకా నడిచింది. దుకాణాలు పాత లెక్కలతో తెరుచుకున్నాయి. తర్వాత జరిగిన సమీక్షలో పెద్దవాళ్ళెవరో "ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" అని ఆ అమ్మాయినే అడిగారు. చెప్పిందండీ. 19వ స్లైడులో చెప్పింది. కానీ చెప్పడం వేరు, వినబడేట్టు చెప్పడం వేరు. రెంటికీ మధ్య ఉన్న దూరమే ఆ మొదటి రెండు స్లైడులు.

సరే, శవపరీక్ష చేద్దాం. ఎక్కడెక్కడ పోయింది?

మొదటిది పేరు. "ఓవర్‌వ్యూ" అన్న మాట ఎంత ప్రమాదకరమో నాకు ఆ రోజు దాకా తెలీదు. ఓవర్‌వ్యూ అంటే అన్నీ అందులోనే ఉన్నట్టు. అన్నీ ఉంటే ఏ ప్రశ్నైనా సందర్భంలోనే ఉన్నట్టు. నేను ఫైళ్ళ వరస గురించి అడిగినప్పుడు అది పక్కదారి అని అనే హక్కు ఆ అమ్మాయికి లేదు, ఆ హక్కుని మొదటి స్లైడే లాగేసుకుంది. అదే ఆ స్లైడు మీద "రాత్రి జాబు అక్టోబరులో 6 గంటలు దాటబోతోంది, విడగొట్టడానికి ఇవాళ అనుమతి కావాలి" అని ఉందనుకోండి. నా ప్రశ్న నోట్లోంచి రాకముందే అది ఇక్కడిది కాదని నాకే తెలిసేది. డైరెక్టరుకైతే తను అక్కడ ఎందుకున్నాడో కూర్చోకముందే తెలిసేది.

ఆర్టీసీ బస్సు బోర్డు చూడండి. దాని మీద "ప్రయాణం: ఒక పరిచయం" అని రాయరు. ఎక్కడికి వెళ్తుందో పెద్దగా, ఏ దారిన వెళ్తుందో చిన్నగా రాస్తారు. అది చూసే ఎక్కాలా వద్దా అని మనం తేల్చుకుంటాం. మొదటి స్లైడు ఊరి పేరు, రెండో స్లైడు "వయా". పైగా మొదటి స్లైడు తెర మీద ఎంతసేపు ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? జనం వచ్చి కుర్చీలు లాక్కుని, లైన్లో ఎవరున్నారో అడిగేదాకా అదే కనబడుతుంది. మా మీటింగులో ఆరు నిమిషాలుంది. మొత్తం ప్రెజెంటేషనులో, నా ప్రశ్న దగ్గర ఆగిపోయిన ఆ నాలుగో స్లైడుకి తప్ప, ఇంకే స్లైడుకీ అంత సమయం దొరకలేదు. ఆ ఆరు నిమిషాలూ పదకొండు మంది కంపెనీ గుర్తుని చూస్తూ కూర్చున్నారు. తమ కంపెనీయే. జీతం ఎక్కడ్నుంచి వస్తుందో వాళ్ళకి తెలీదా?

రెండోది సమయం. మీటింగు 45 నిమిషాలని క్యాలెండర్లో ఉంది కాబట్టి మళ్ళీ స్లైడు మీద ఎందుకు అనుకుంటాం. క్యాలెండర్లో ఉన్నది గది ఎంతసేపు మనదో చెబుతుంది. మాట్లాడేది ఎంతసేపు, వినేవాళ్ళ వంతు ఎంతసేపు అన్నది చెప్పదు. గై కవాసాకీ 2005లో 10/20/30 అని ఒక సూత్రం రాశాడు: పది స్లైడులు, ఇరవై నిమిషాలు, ముప్పై పాయింట్లకి తగ్గని అక్షరాలు. పెట్టుబడి అడగడానికొచ్చే కంపెనీల కోసం రాసిన సూత్రమది. చాలామంది స్లైడుల లెక్క పట్టుకుని అసలు సంగతి వదిలేశారు. గంట దొరికినా ఇరవై నిమిషాలే మాట్లాడమన్నాడు. ఆలస్యంగా వచ్చేవాళ్ళూ ముందే వెళ్ళేవాళ్ళూ ఉంటారు, మిగతాది చర్చకి వదలమన్నాడు. మనమేం చేస్తాం? 45 నిమిషాలకి 45 నిమిషాల సరుకు తయారు చేసుకుని, దాని మీద "ప్రశ్నోత్తరాలు" అని ఒక చుక్క పెడతాం. ఆ చుక్కకి నిమిషాలు ఎక్కడ్నుంచి వస్తాయి?

మూడోది, నాకు అన్నిటికన్నా మంట పుట్టించేది, "ప్రశ్నలు చివర్లో" అన్న ఆ వాక్యం. నిమిషాలు పక్కన పెట్టకుండా ఆ మాట అనడం శుద్ధ అబద్ధం. వినేవాళ్ళకి అది అబద్ధమని తెలుసు, అనుభవం నేర్పింది. చివర అనేది రాదని తెలిసినవాడు ఇప్పుడే అడుగుతాడు. నేనడిగింది అందుకే. ఆ మర్యాద నేను తప్పాను, నిజమే, కానీ ఆ మర్యాద మీద ఎవరికీ నమ్మకం లేదు. వినేవాళ్ళని క్రమశిక్షణ లేనివాళ్ళని తిట్టుకునే ముందు, మనం వాళ్ళకిచ్చిన మాట నిలబెట్టుకున్న చరిత్ర ఉందా అని చూసుకోవాలి.

ఇంకో సంగతి. ప్రశ్నలన్నీ ఒకటి కావు. అర్థం కాక అడిగేది ఒకటి: "5:40 అన్నది సగటా, అతి ఎక్కువా?" దీన్ని చివరిదాకా ఆపితే ఆ మనిషి అక్కణ్ణుంచి వినడం మానేస్తాడు. ఒప్పుకోలేక అడిగేది రెండోది: "విడగొట్టే బదులు పెద్ద సర్వరు కొంటే పోదా?" దీన్ని మధ్యలో తీసుకుంటే చెప్పేవాడి దారి తెగుతుంది. పైగా ఆ జవాబు రెండు స్లైడుల తర్వాత ఉండొచ్చు. ఆ భాగం అయ్యాక తీసుకోవాలి. మూడోది పక్కదారి ప్రశ్న, నాలాంటి వాళ్ళు అడిగేది. మంచి ప్రశ్నే, కానీ ఇవాళ్టిది కాదు. దాన్ని రాసుకోవాలి, ఎప్పుడు జవాబిస్తారో చెప్పాలి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి "చివర్లో" అంటే మూడూ చెడతాయి.

ఈ విద్య మనకి కొత్తదేం కాదు. అష్టావధానం చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎనిమిది మంది పృచ్ఛకులు అవధానిని ప్రశ్నలతో చుట్టుముడతారు, అయినా సభ చెదరదు. ఎందుకు? ఎవరు ఏం అడగాలో ముందే నిర్ణయమైపోయింది కాబట్టి. సమస్య ఇచ్చేవారు వేరు, దత్తపది వేరు, నిషిద్ధాక్షరి వేరు, వర్ణన వేరు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తవుతాయని, చివర్న ధారణ ఉంటుందని సభలో అందరికీ తెలుసు. అన్నిటికన్నా నాకు నచ్చేది అప్రస్తుత ప్రసంగం. అడ్డదిడ్డంగా అడిగేవాడికి కూడా ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టారు! మధ్యలో దూరడమే ఆయన పని. ఆ పనికి పేరుంది, చోటుంది, కాబట్టి అది సభని పాడుచేయదు, రక్తి కట్టిస్తుంది. మనం మాత్రం అప్రస్తుతానికి కుర్చీ వేయం, అందుకే అది వచ్చి మన నెత్తిన కూర్చుంటుంది.

సరే, విమర్శించడం తేలిక, నువ్వైతే ఏం చేసేవాడివి అంటారు. ఆ అక్టోబరు గొడవయ్యాక ఆ అమ్మాయీ నేనూ కూర్చుని, జూన్ మీటింగుకి ఆ రెండు స్లైడులు ఎలా ఉండాల్సిందో రాసి చూసుకున్నాం. మొదటిది ఇది:

రాత్రి జాబు అక్టోబరులో 6 గంటలు దాటబోతోంది
రెండుగా విడగొట్టడానికి ఇవాళ అనుమతి కావాలి
మాట్లాడేది 15 నిమిషాలు, చర్చ 20 నిమిషాలు, 4:40కి ముగింపు
తన పేరు, టీము, తారీఖు

కంపెనీ గుర్తు మూలకి, వేలిగోరంత. అంతే. ఆలస్యంగా వచ్చినవాడు కూడా నిలబడే చదివేస్తాడు.

రెండోది:

1. 5:40 ఎలా అయింది, 7:00 ఎప్పుడవుతుంది: 7 నిమిషాలు
2. రెండు దారులు, వాటి ఖర్చు: 8 నిమిషాలు
3. ఏ దారి? డైరెక్టరు నిర్ణయం: 10 నిమిషాలు
4. విడగొట్టే పద్ధతి మీద సాంకేతిక ప్రశ్నలు, ఉండగలిగినవాళ్ళతో: 10 నిమిషాలు

ఇవాళ మాట్లాడనివి: ఫైళ్ళ వరస మార్చడం, రిపోర్టులు (గురువారం టీము మీటింగులో)
ప్రశ్నలు: అర్థం కాకపోతే వెంటనే ఆపండి. అభ్యంతరాలు 3లో. మిగతావి బోర్డు మీద రాస్తాం, రేపటికల్లా జవాబు.

లెక్క చూడండి. 7, 8, 10, 10 కలిపితే 35. జనం సర్దుకోవడానికి మొదట్లో 5. మొత్తం 40, అంటే 4:40కి ముగింపు. గది 4:45 దాకా మనదే, ఆ 5 నిమిషాలూ ఎవరికీ చెప్పకుండా దాచుకున్నవి. ఆరు నిమిషాలు ఆలస్యంగా మొదలైనా మునిగిపోదు.

ఇందులో కొన్ని చిన్న సంగతులున్నాయి, అవి ఊరికే పెట్టినవి కావు. మొదటిది, భాగాలకి నిమిషాలు రాశాం గానీ గడియారం వేళలు రాయలేదు. "4:12కి రెండో భాగం" అని రాస్తే, ఆరు నిమిషాలు ఆలస్యంగా మొదలైన మరుక్షణం ఆ స్లైడు మొత్తం తప్పైపోతుంది. దాంతో పాటు దాని మీద నమ్మకమూ పోతుంది. గడియారం వేళ ఒక్క ముగింపుకే ఉండాలి. అది మాత్రం కదలకూడదు.

రెండోది, నిర్ణయం మూడో చోటుకి వచ్చింది, ఆఖరికి కాదు. డైరెక్టరు క్యాలెండరు ముందే చూసుంటే 4:30కి ఆయనకి ఇంకో కాల్ ఉందని తెలిసేది. ఎవరు ఒప్పుకోవాలో ఆయన గదిలో ఉండగానే ఆ పని అయిపోవాలి. సాంకేతిక ప్రశ్నలు ఆ తర్వాత, ఇష్టమున్నవాళ్ళతో. వరస అంటే తర్కం ప్రకారం ఉండాలని మనకి కాలేజీలో నేర్పారు. పరిచయం ముందు, ముగింపు చివర. మీటింగులో వరస మనుషుల ప్రకారం ఉండాలి. ఎవరు ముందు వెళ్ళిపోతారో వాళ్ళ పని ముందు.

మూడోది, "ఇవాళ మాట్లాడనివి" అన్న లైను. దీన్ని రాయడానికి చాలామందికి మొహమాటం, తెలీక వదిలేశాం అనుకుంటారేమోనని. నిజానికి అది తలుపుకి గొళ్ళెం. అక్కడ ఫైళ్ళ వరస అని రాసుంటే నా 14 నిమిషాల పాండిత్యం గురువారానికి వాయిదా పడేది. అయితే "తర్వాత చూద్దాం" అని మాత్రం రాయకండి. ఎప్పుడు, ఎక్కడ అని రాయకపోతే అదీ "ప్రశ్నలు చివర్లో" లాంటి అబద్ధమే అవుతుంది.

నాలుగోది, బోర్డు మీద రాసేది చెప్పేవాళ్ళు కాదు, ఇంకొకరు. మాట్లాడుతూ రాయడం అవధానులకి సాధ్యమేమో గానీ మనకి కాదు. ఆ మనిషి ఎవరో అజెండా చెప్పేటప్పుడే చూపించాలి. లైన్లో ఉన్నవాళ్ళు చెయ్యెత్తితే మనకి కనబడదు కాబట్టి, వాళ్ళు చాట్‌లో రాయాలని, ఆ మనిషే అది చూస్తుంటాడని కూడా అప్పుడే చెప్పాలి.

ఈ స్లైడుని పది సెకన్లలో దాటకూడదు. ఒక నిమిషం ఆగి చదివి వినిపించాలి, "ఇది సరేనా, ఎవరైనా 4:30 కన్నా ముందు వెళ్ళాలా?" అని అడగాలి. ఆ ప్రశ్నకి వచ్చే జవాబుని బట్టి అక్కడికక్కడే వరస మార్చుకోవచ్చు. ప్రతి భాగం అయ్యాక మళ్ళీ ఇదే స్లైడుకి రావాలి. పవర్‌పాయింటులో స్లైడులు నడుస్తుండగా 2 నొక్కి Enter కొడితే రెండో స్లైడు వచ్చేస్తుంది, వెనక్కి వెతుక్కోనక్కర్లేదు. అందుకే స్లైడులకి అంకెలు వేసుకోమనేది. ఆఖర్న "ధన్యవాదాలు" స్లైడు పీకేసి మళ్ళీ ఈ అజెండానే పెట్టండి, మూడో లైను పక్కన తీసుకున్న నిర్ణయం రాసి. చర్చ జరిగినంతసేపూ తెర మీద ఉండేది అదే కాబట్టి, పనికొచ్చేది ఉండనివ్వండి.

మరి 24 స్లైడులు? 15 నిమిషాలకి ఎనిమిది చాలు. మిగతా పదహారూ పారేయనక్కర్లేదు, ఆఖరి స్లైడు తర్వాత పెట్టుకుంటే ప్రశ్న వచ్చినప్పుడు తీసి చూపించొచ్చు. అసలు నిమిషాలు ఎంత పడతాయో ఊహించకండి. Slide Show కింద Rehearse Timings అని ఉంటుంది, అది పెట్టి పైకి మాట్లాడుతూ ఒకసారి నడపండి. నా అనుభవంలో ఒంటరిగా 12 నిమిషాలు పట్టింది జనం ముందు 15 అవుతుంది. స్లైడు మీద రాయాల్సింది ఆ 15.

ఇప్పుడు నాకు వచ్చే తిట్లకి ముందే జవాబు చెప్పుకుంటాను.

"అజెండా స్లైడే దండగ, నేరుగా కథలోకి వెళ్ళాలి" అనేవాళ్ళున్నారు. పది నిమిషాల ప్రసంగానికి నేనూ అదే అంటాను. అక్కడ రెండో స్లైడు అనవసరం, నిమిషాలూ ప్రశ్నల సంగతీ మొదటి స్లైడు మీద ఒక లైనులో పెట్టేస్తే చాలు. వేదికెక్కి వందల మందిని ఆకట్టుకోవాలన్నా కథే కావాలి. కానీ ఒక నిర్ణయం అడగడానికి వెళ్ళినప్పుడు, సస్పెన్సు వల్ల లాభపడేవాడెవడూ ఆ గదిలో ఉండడు. ఆ అమ్మాయి స్లైడుల్లో సస్పెన్సు బ్రహ్మాండంగా ఉంది. 19వ స్లైడు దాకా రహస్యం విడలేదు.

"నిమిషాలు రాసి తప్పితే పరువు పోదా?" అంటే, పోతుంది. అందుకే రాయమంటున్నాను. రాయనివాడికి తప్పడానికి ఏమీ ఉండదు, వినేవాళ్ళకి పట్టుకోవడానికీ ఏమీ ఉండదు.

"పై అధికారి మధ్యలో అడిగితే బోర్డు మీద రాస్తానంటావా?" ఇది నిజంగా గట్టి ప్రశ్న. అనను, మా కడుపుకీ కూడు కావాలి. ఆయన అడిగితే జవాబు చెప్పాల్సిందే. కాకపోతే ఏ భాగాన్ని కోసేయాలో ముందే తెలిసుండాలి. పై అజెండాలో నాలుగోది కోతకి పెట్టిన మేక. డైరెక్టరు ఎనిమిది నిమిషాలు తినేస్తే నాలుగోది రెండు నిమిషాలకి కుదించి, మిగతాది గురువారానికి పంపిస్తాం. మూడోది మాత్రం ముట్టుకోం. ఇక్కడో తేడా చూడండి. నిమిషాలు తెర మీద ఉన్నప్పుడు ఆయనకి కూడా తను తింటున్నది ఎవరి నిమిషాలో కనబడుతుంది. అన్నిసార్లూ ఆగడు, కొన్నిసార్లు ఆగుతాడు. స్లైడు చేయగలిగింది అంతే, మనుషుల్ని మార్చే మంత్రం కాదిది.

మీ స్లైడులు బాగున్నాయో లేదో తెలుసుకోవడానికి నా దగ్గరున్నది ఒకటే పరీక్ష. ఆ రెండు స్లైడులే ప్రాజెక్టుతో సంబంధం లేని ఎవరికైనా చూపించి మూడు అడగండి. నేనెప్పుడు వదిలిపెడతాను? నీ నుంచి నాకేం కావాలి? నువ్వు ఎప్పుడు నోరు తెరవొచ్చు? మూడింటికీ తడుముకోకుండా జవాబొస్తే బయల్దేరండి. ఒక్కదానికి "ఏమో" అన్నా మళ్ళీ రాయండి.

నవంబరులో ఆ అమ్మాయి మళ్ళీ అదే గదిలో, అదే డైరెక్టరు ముందు, అదే విషయం మీద మాట్లాడింది. మొదటి స్లైడు మీద ఈసారి "అక్టోబరులో దాటబోతోంది" అని రాయాల్సిన అవసరం లేకపోయింది, దాటేసింది కాబట్టి. 4:05కి మొదలుపెట్టి, అనుమతి 4:26కి తీసుకుంది. జూన్‌లో దొరకాల్సిన అనుమతి. ఆ మధ్యలో పోయిన పండగ వారాన్ని ఏ స్లైడూ వెనక్కి తేలేదు. ఆ సమీక్షలో తను పడ్డ మాటలూ అంతే.

అన్నట్టు, ఆ రోజు తన అజెండా స్లైడు కింద చిన్న అక్షరాల్లో ఒక లైనుంది. "పక్కదారి ప్రశ్నలు బోర్డు మీద రాసేవారు" అని, దాని పక్కన నా పేరు. ముందు చెప్పలేదు, అక్కడికెళ్ళాకే చూశాను. మార్కరు చేతికిచ్చి బోర్డు పక్కన నిలబెట్టింది. 40 నిమిషాలూ ఇతరుల ప్రశ్నలు రాస్తూ నిలబడ్డాను. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకు అప్రస్తుత ప్రసంగి కుర్చీ కూడా దక్కలేదు. దక్కకూడదు కూడా.